ఒకే చార్టులో 24 గీతలు వద్దనుకుంటే: స్మాల్ మల్టిపుల్స్, స్పార్క్‌లైన్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఉత్పత్తుల పోకడల్ని ఒకేచోట పోల్చాలనుకునేవాళ్లు పదేపదే అడిగే సందేహాలివి. ఉదాహరణకు 24 ఉత్పత్తులు, 36 నెలలు, నెలకు అమ్ముడైన యూనిట్లు ఉన్న పట్టికను తీసుకున్నాం. ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టవచ్చు.

## మొదలుపెట్టే ముందు

24 గీతలకు 24 రంగులు ఇస్తే సరిపోదా? విడివిడి చార్టులెందుకు?

సరిపోదు. ఏడెనిమిది రంగులు దాటాక ఏది లేత నీలమో, ఏది ఆకాశనీలమో కంటికి తేడా దొరకదు. చూసేవాళ్లు గీతను వదిలి రంగుల సూచిక వైపు, అక్కణ్నుంచి మళ్లీ గీత వైపు తిరుగుతూ ఉండాలి. అంతకన్నా పెద్ద ఇబ్బంది గీతలు ఒకదానిమీదుగా ఒకటి పోవడం. రెండు గీతలు కలిసి విడిపోయిన చోట ఏది పైకి పోయిందో, ఏది దిగిందో చెప్పలేం. స్మాల్ మల్టిపుల్స్‌లో ఒక్కో ఉత్పత్తికి ఒక్కో చిన్న చార్టు ఉంటుంది. అన్నిటి కొలతలూ ఆకారమూ ఒకటే కాబట్టి ఒకదాన్ని చదవడం తెలిస్తే మిగతా 23 చదవడమూ తెలిసినట్టే. పేరు చార్టు నెత్తినే ఉంటుంది, రంగుల సూచికతో పనిలేదు.

స్మాల్ మల్టిపుల్స్, స్పార్క్‌లైన్లు: రెండిట్లో నాకేది కావాలి?

రెండు పేర్లనూ ప్రచారంలోకి తెచ్చినవాడు డేటా చిత్రణ నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ. స్మాల్ మల్టిపుల్స్‌కు అక్షాలుంటాయి, విలువను కొలిచి చదువుకోవచ్చు. స్పార్క్‌లైన్ ఒక పదమంత చార్టు. దానికి అక్షాలుండవు, పట్టికలో అంకె పక్కన ఒదిగి ఉంటుంది.

చూసేవాళ్లు ‘ఈ ఉత్పత్తి ఎప్పుడు, ఎంత పడింది’ అని అడిగేవాళ్లయితే స్మాల్ మల్టిపుల్స్ వేయండి. వాళ్లకు ముందు ఈ నెల అంకె కావాలి, అది ఏ దారిలో ఇక్కడికొచ్చిందో పక్కన కనిపిస్తే చాలు అనుకుంటే స్పార్క్‌లైన్లు చాలు. నెలవారీ నివేదిక మొదటి పేజీలో స్పార్క్‌లైన్ల పట్టిక, రెండో పేజీలో స్మాల్ మల్టిపుల్స్ పెడితే రెండు అవసరాలూ తీరతాయి.

## డేటా సిద్ధం చేసేటప్పుడు

నా పట్టికలో కొన్ని నెలలు లేవు. వదిలేయవచ్చా?

వదలకూడదు. ముందు వరుసలు లెక్కపెట్టండి. 24 ఉత్పత్తులు, 36 నెలలు అంటే 864 వరుసలుండాలి. 851 వచ్చాయంటే 13 వరుసలు మాయమయ్యాయి. చార్టు ఏమీ అడగకుండా ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్న చుక్కల్ని సాఫీగా కలిపేస్తుంది. అమ్మకం లేని నెల కూడా మామూలు నెలలాగే కనిపిస్తుంది.

తర్వాత ఒక్కో ఖాళీ ఎందుకొచ్చిందో తేల్చాలి. సరుకు ఉండి ఒక్కటీ అమ్ముడుకాకపోతే అక్కడ 0 రాయాలి. సరుకే లేకపోతే, ఉత్పత్తి ఇంకా విడుదల కాకపోతే, లేదా రికార్డు పోతే ఖాళీగా ఉంచి గీతను తెగనివ్వాలి. అమ్మకాల రికార్డు ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు. నిల్వల పట్టిక కూడా తెప్పించుకోండి.

అన్ని చార్టుల్లోనూ చివరి చుక్క పడిపోయింది. నిజంగానే అమ్మకాలు పడ్డాయా?

24 చార్టులూ ఒకే నెలలో ఒకే తీరుగా వంగితే ముందు డేటానే అనుమానించాలి. ఎక్కువసార్లు అది పూర్తికాని నెల అయి ఉంటుంది. 18వ తేదీన తీసిన డేటాలో ఆ నెల అమ్మకాలు సగం పైచిలుకే ఉంటాయి. ఆ నెలను తీసేయండి. తప్పనిసరిగా చూపించాలంటే రోజుకు సగటు లెక్కవేసి బోలు చుక్కగా పెట్టండి.

ఇదే తీరు చిన్న మోతాదులో ఫిబ్రవరిలోనూ కనిపిస్తుంది. 28 రోజుల నెల 31 రోజుల నెలకన్నా దాదాపు 10 శాతం తక్కువ. రోజువారీ అమ్మకం ఏమాత్రం మారకపోయినా ప్రతి చార్టులో ఏటా ఒక చిన్న గుంట పడుతుంది. నెల మొత్తానికి బదులు రోజు సగటు గీస్తే ఆ గుంట పోతుంది.

సీజను ఎగుడుదిగుళ్లలో అసలు పోకడ దాగిపోతోంది. గత 12 నెలల మొత్తం గీయవచ్చా?

గీయవచ్చు, సీజను ప్రభావం చాలావరకు పోతుంది. కానీ దానికొక ఖర్చుంది. అమ్మకాలు ఒక్క నెలలో సగానికి పడి అక్కడే ఉండిపోయాయనుకోండి. గత 12 నెలల మొత్తం మాత్రం ఆ దెబ్బను 12 నెలలకు పరచి, నిదానంగా దిగే వాలులా చూపిస్తుంది. ‘ఎప్పుడు పడింది’ అన్న ప్రశ్నకు ఆ గీత తప్పు జవాబిస్తుంది. అందుకే నెలవారీ గీతను సన్నగా, లేతగా ఉంచి దాని మీద గత 12 నెలల సగటును ముదురుగా వేయడం మేలు. 36 నెలల డేటాలో ఈ సగటు మొదటి 11 నెలలకు రాదు. ఆ భాగం ఖాళీగానే ఉండనివ్వండి.

## నిలువు అక్షం దగ్గర

నిలువు అక్షం అన్ని చార్టులకూ ఒకటే ఉంచాలా, దేని స్కేలు దానికి వదిలేయాలా?

మిగతా అమరికంతా ఒక ఎత్తు, ఈ నిర్ణయం ఒక ఎత్తు. మూడు ఉత్పత్తులతో లెక్కవేసి చూద్దాం. పెద్దది నెలకు 9,000 నుంచి 8,800 యూనిట్లకు దిగింది. మధ్యది 400 నుంచి 200కు పడింది. చిన్నది 60 నుంచి 120కి పెరిగింది. ఒక్కో చిన్న చార్టు ఎత్తు 80 పిక్సెళ్లు.

మొదటి దారి: అందరికీ 0 నుంచి 10,000 దాకా ఒకే అక్షం. అప్పుడు ఒక పిక్సెల్ అంటే 125 యూనిట్లు. పెద్దది 1.6 పిక్సెళ్లు దిగుతుంది, మధ్యదీ సరిగ్గా అంతే. చిన్నది రెట్టింపయినా అర పిక్సెల్ కూడా కదలదు. మూడూ చదును గీతలే. ఇది తప్పు చార్టు కాదు, ‘ఏ ఉత్పత్తి ఎంత పెద్దది’ అన్న ప్రశ్నకు నిజాయితీగల జవాబు. పోకడ గురించి మాత్రం ఏమీ చెప్పదు.

రెండో దారి: ఎవరి అక్షం వాళ్లది. సాఫ్ట్‌వేర్ ప్రతి గీతనూ తన కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా సాగదీస్తుంది. ఇప్పుడు మూడు గీతలూ 80 పిక్సెళ్లూ నింపుతాయి. పెద్దదాని 2 శాతం తగ్గుదల, మధ్యదాని 50 శాతం తగ్గుదల పక్కపక్కన ఒకే లోయలా కనిపిస్తాయి. తప్పుడు నిర్ణయాలకు ఎక్కువగా దారితీసేది ఈ చార్టే. ఎందుకంటే చూడ్డానికి ఇదే అన్నిటికన్నా బాగుంటుంది.

మూడో దారి: ప్రతి ఉత్పత్తినీ దాని మొదటి ఏడాది సగటుతో భాగించి, 100 ఆధారంగా ఇండెక్స్ చేసి, అప్పుడు ఒకే అక్షం పెట్టడం. మొదటి ఏడాది సగటులు 9,000, 400, 60 అయితే పెద్దది 98 దగ్గర, మధ్యది 50 దగ్గర, చిన్నది 200 దగ్గర ముగుస్తాయి. లాగ్ స్కేలులో 40 నుంచి 250 దాకా అక్షం వేస్తే మధ్యది దాదాపు 30 పిక్సెళ్లు దిగుతుంది, చిన్నది అంతే ఎక్కుతుంది, పెద్దది ఒక పిక్సెల్ మాత్రం కదులుతుంది. పోకడలు పోల్చడానికి మా ఓటు దీనికే.

అయితే ఇండెక్స్ కూడా ఒకటి దాస్తుంది. పెద్దదీ మధ్యదీ కోల్పోయింది అవే 200 యూనిట్లు. ధరలు సమానమైతే ఆదాయంలో నష్టమూ సమానమే. ఇండెక్స్ చార్టు చూసినవాళ్లు మధ్యదాని గురించి కంగారుపడి పెద్దదాన్ని దాటేస్తారు. అందుకని ప్రతి చార్టు పేరు కిందా అసలు యూనిట్లు రాయండి: ‘9,000 నుంచి 8,800’ అని.

ఇండెక్స్‌కు ఆధారంగా మొదటి నెలనే తీసుకుంటే ఏమవుతుంది?

ఆ ఒక్క నెలలో ఏదైనా తేడా జరిగి ఉంటే ఆ ఉత్పత్తి గీత మొత్తం దానివల్ల పక్కకు జరిగిపోతుంది. మొదటి నెలలో సరుకు కొరతతో మామూలుగా అమ్మాల్సిన 400కు బదులు 250 అమ్ముడైతే, తర్వాతి నెలలన్నీ 160 దగ్గర కనిపిస్తాయి. ఏ పెరుగుదలా లేకుండానే 60 శాతం పెరిగినట్టు తేలుతుంది. గుర్తుపట్టడం సులువే: గీత మొదటి చుక్క నుంచి రెండో చుక్కకు ఎగిరి, అక్కణ్నుంచి చదునుగా సాగుతుంటే ఆధారమే తప్పు. మొదటి 12 నెలల సగటు తీసుకుంటే సీజను కూడా సర్దుకుంటుంది. పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో ఇలా:

```python
df = df.sort_values(["product", "month"])
first12 = df.groupby("product").head(12)
base = first12.groupby("product")["units"].mean()
df["idx"] = df["units"] / df["product"].map(base) * 100
```

లాగ్ స్కేలు చూసేవాళ్లను తికమకపెట్టదా? మామూలు స్కేలు ఎందుకు వద్దు?

మామూలు స్కేలులో 100 నుంచి 200కు ఎక్కడం 100 గడుల దూరం, 100 నుంచి 50కి పడటం 50 గడుల దూరం. రెట్టింపవడం, సగమవడం సరిసమానమైన మార్పులే అయినా పెరుగుదల రెండింతలు పెద్దగా కనిపిస్తుంది. లాగ్ స్కేలులో రెండు దూరాలూ సమానం, పైగా ఒకే శాతం పెరుగుదల ఎక్కడున్నా ఒకే వాలుగా కనిపిస్తుంది. తికమక వచ్చేది అక్షం మీద 10, 100, 1000 అని రాసినప్పుడు. వాటికి బదులు 50, 100, 200 అని మూడే గుర్తులు పెట్టి వాటి పక్కన ‘సగం’, ‘మొదటి ఏడాది’, ‘రెట్టింపు’ అని రాయండి. లాగ్ అన్న మాటే ఎత్తక్కర్లేదు. అమ్మకం 0 ఉన్న నెలకు లాగ్ విలువ ఉండదు. అలాంటి నెలలు రెండుమూడుకు మించి ఉన్న ఉత్పత్తిని ఈ చార్టులోంచి తీసి విడిగా చూపించండి.

ఒక్క ఉత్పత్తి ఇండెక్స్ 900కు పోయింది, దాంతో మిగతావన్నీ నేలకంటుకున్నాయి. ఏం చేయాలి?

ముందు దాని ఆధారం చూడండి. మొదటి ఏడాదిలో నెలకు 9 యూనిట్లు అమ్మినదానికి 81 వస్తే 900 అవుతుంది. అంత తక్కువ సంఖ్యల్లో కాకతాళీయమైన ఊగిసలాటే ఎక్కువ. అమ్మకాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగేటప్పుడు ఆ ఊగిసలాట సుమారుగా సగటు వర్గమూలమంత ఉంటుంది. సగటు 400 అయితే 20, అంటే 5 శాతం. సగటు 9 అయితే 3, అంటే మూడో వంతు. ఆధారం 25 లోపున్న ఉత్పత్తుల్ని ఇండెక్స్ చార్టులోకి తీసుకోకపోవడం మంచి కట్టుబాటు.

పెరుగుదల నిజమే అనుకుంటే అక్షాన్ని 250 దగ్గర ఆపి, ఆ చార్టులో గీత పై అంచు దాటనిచ్చి, ‘900 దాకా’ అని రాయండి. R భాషలో చార్టులు గీసే జీజీప్లాట్‌లో దీనికి `coord_cartesian(ylim = c(40, 250))` వాడాలి. స్కేలుకు `limits` ఇస్తే హద్దు దాటిన చుక్కల్ని అది డేటాలోంచే తీసేస్తుంది. గీత మధ్యలో తెగిపోయి, డేటా లేనట్టు కనిపిస్తుంది.

## చార్టుల్ని అమర్చేటప్పుడు

చార్టుల్ని ఏ వరుసలో పెట్టాలి? అక్షరక్రమం బాగానే ఉంది కదా?

పేరు వెతుక్కోవడానికి బాగుంటుంది, పోల్చడానికి కాదు. దాదాపు ప్రతి సాఫ్ట్‌వేరూ తనంతట తాను అక్షరక్రమమే పెడుతుంది కాబట్టి చాలామంది అలాగే వదిలేస్తారు. చివరి ఏడాది సగటును మొదటి ఏడాది సగటుతో భాగించి ఆ వరుసలో పెట్టండి. ఎక్కువ పడినవి పైన ఎడమవైపు చేరతాయి, పెరిగినవి కింద కుడివైపు. పక్కపక్క చార్టులు ఒకే రకంగా ఉన్నప్పుడు మధ్యలో భిన్నంగా ఉన్నది తనంతట తానే బయటపడుతుంది. ప్రతి నెలా వచ్చే నివేదికలో మాత్రం వరుస మారుస్తూ పోవద్దు. నిన్న మూడో చోట ఉన్నది నేడు పదకొండో చోటుకు పోతే అలవాటైన కళ్లు తడబడతాయి. అక్కడ ఏడాదికోసారి వరుస సవరిస్తే చాలు.

ఆరు నిలువు వరుసలా, నాలుగా?

ఏం పోల్చాలన్న దాన్ని బట్టి. పక్కపక్కనున్న చార్టుల మధ్య ఎత్తులు పోల్చడం తేలిక, ఎందుకంటే ఒకే అడ్డగీత రెండిటి మీదుగా పోతుంది. ఒకదాని కింద ఒకటి ఉంటే కాలాన్ని పోల్చడం తేలిక, మార్చి నెల అన్నిట్లోనూ ఒకే నిలువుగీత మీద ఉంటుంది. ‘ఎవరు ముందు పడ్డారు’ అన్నది ప్రశ్న అయితే తక్కువ నిలువు వరుసలు, వెడల్పు చార్టులు పెట్టండి. ‘ఎవరు ఎంత పడ్డారు’ అన్నదయితే ఆరు వరుసలు నయం. అక్షం అంకెలు ఎడమ అంచున, కింది అంచున మాత్రమే ఉంచితే చాలు.

మిగతా ఉత్పత్తులతో పోలిక ప్రతి చార్టులోనూ కనిపించాలంటే?

ప్రతి చిన్న చార్టులో మిగతా 23 గీతల్నీ లేత బూడిదరంగులో వెనక వేసి, దాని సొంత గీతను నల్లగా ముందు వేయండి. జీజీప్లాట్‌లో వెనక పొరకు ఉత్పత్తి పేరున్న నిలువు వరుస లేని డేటా ఇస్తే అది ప్రతి చార్టులోనూ వస్తుంది. కింది కోడ్‌లో `change` అంటే చివరి ఏడాది సగటును మొదటి ఏడాది సగటుతో భాగించగా వచ్చినది:

```r
df$product <- reorder(df$product, df$change)
bg <- transform(df, grp = product, product = NULL)

ggplot(df, aes(month, idx)) +
  geom_line(data = bg, aes(group = grp), colour = "grey85") +
  geom_line(colour = "black") +
  scale_y_log10(breaks = c(50, 100, 200)) +
  facet_wrap(~ product, ncol = 6)
```

`facet_wrap` తనంతట తాను అన్నిటికీ ఒకే అక్షం పెడుతుంది. `scales = "free_y"` అని మీరు చేర్చితేనే విడిపోతుంది. బూడిదరంగు గీతలతో మొత్తం 576 గీతలవుతాయి. ఉత్పత్తులు ఇంకా పెరిగితే వెనక భాగం మసిలా మారుతుంది. అప్పుడు అన్ని గీతలకూ బదులు నెలవారీ మధ్యగతాన్ని ఒక్కటే బూడిదరంగులో వేయండి.

## స్పార్క్‌లైన్లు వేసేటప్పుడు

ఎక్సెల్‌లో స్పార్క్‌లైన్లన్నీ ఒకే ఎత్తున ఊగుతున్నాయి. చిన్న మార్పూ పెద్ద మార్పూ ఒకేలా ఉన్నాయెందుకు?

ఎక్సెల్ తనంతట తాను ప్రతి స్పార్క్‌లైన్‌కూ విడి స్కేలు ఇస్తుంది కాబట్టి. మార్చడానికి స్పార్క్‌లైన్లున్న గడులన్నీ ఎంచుకోండి. `Sparkline` ట్యాబ్‌లో `Axis` తెరిచి, `Vertical Axis Minimum Value Options` కింద `Same for All Sparklines` ఎంచుకోండి. మళ్లీ తెరిచి `Vertical Axis Maximum Value Options` కిందా అదే చేయండి. ఒక్కటే మార్చి ఆగిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. అలా చేస్తే గీతల అడుగు ఒకటవుతుంది, కప్పు మాత్రం దేనిది దానికే ఉంటుంది.

అన్నీ చేసినా మారకపోతే అవి వేర్వేరు గుంపుల్లో ఉన్నట్టు. ‘అన్నీ’ అంటే ఎక్సెల్‌కు ఒకే గుంపులోనివి అని అర్థం. ఒక్కో స్పార్క్‌లైన్‌ను విడిగా చొప్పించి ఉంటే అన్నీ ఎంచుకుని ముందు `Group` నొక్కండి. ఈ పనంతా ఇండెక్స్ విలువల మీదే చేయాలి. అసలు యూనిట్ల మీద చేస్తే 9,000 అమ్మేదాని పక్కన 60 అమ్మేది చదును గీతైపోతుంది.

గూగుల్ షీట్స్‌లో ఒకే స్కేలు ఎలా పెట్టాలి?

అక్కడ గుంపులు లేవు, ప్రతి గడిలోనూ హద్దులు మీరే రాయాలి. ఇండెక్స్ విలువలు C నుంచి AL దాకా 36 గడుల్లో ఉంటే:

```
=SPARKLINE(C2:AL2, {"charttype","line"; "ymin",40; "ymax",250; "empty","ignore"})
```

40, 250 అని సూత్రంలో రాసే బదులు రెండు గడుల్లో ఉంచి వాటిని చూపిస్తే, తర్వాత మార్చడం తేలిక. ఈ ఫంక్షన్‌లో లాగ్ స్కేలు లేదు. కావాలంటే ఇంకో షీట్‌లో `=LOG(C2/100, 2)` లెక్కవేసి దాన్ని గీయండి. అక్కడ -1 అంటే సగం, 1 అంటే రెట్టింపు. హద్దులు -1.5, 1.5 పెట్టుకోవచ్చు.

స్పార్క్‌లైన్‌కు అక్షాలు లేవు కదా, పక్కన ఏ అంకెలు రాయాలి?

చివరి నెల విలువ, ఏడాది కిందటి అదే నెలతో పోలిస్తే మార్పు శాతం. ఈ రెండూ తప్పనిసరి. గీత చివర ఒక చుక్క పెట్టి, చివరి విలువను అదే రంగులో రాస్తే అంకె ఏ చోటిదో తెలుస్తుంది. కనిష్ఠ గరిష్ఠాలు కూడా పెట్టాలనిపిస్తే సరే కానీ, నాలుగు నిలువు వరుసల అంకెలు దాటాక గీతను ఎవరూ చూడరు.

## చూపించే ముందు

చార్టును జనం సరిగ్గా చదువుతున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

ఈ డేటా తెలియని ఒకరికి చార్టు మాత్రమే ఇచ్చి, ‘ఎక్కువ శాతం పడిన మూడు ఉత్పత్తులేవి’ అని అడగండి. జవాబును పట్టికలో లెక్కతో పోల్చండి. తప్పు చెబితే వాళ్లు ఎంచుకున్నవి ఏవో గమనించండి. బాగా ఎగుడుదిగుడుగా ఉన్నవాటిని ఎంచుకుంటే నెలవారీ గీత మరీ ముదురుగా ఉందన్నమాట, సగటు గీతను ముందుకు తెండి. అమ్మకాల పరిమాణంలో పెద్దవాటిని ఎంచుకుంటే వాళ్లు యూనిట్లు చదువుతున్నారు, ఇండెక్స్‌ను కాదు. అప్పుడు చార్టు శీర్షికలోనే ‘మొదటి ఏడాది = 100’ అని రాయాలి.

ఫోన్‌లో ఆరు నిలువు వరుసలు పట్టవు. కుదించి పెట్టనా?

కుదించవద్దు, పేర్లు చదవలేరు. రెండు నిలువు వరుసలు పెట్టి పొడవుగా పోనివ్వండి. నిలువు అక్షం అంకెలు ప్రతి వరుసలో ఎడమవైపు చార్టుకు మళ్లీ రాయండి. నెలల పేర్లు కిందెక్కడో ఒక్కసారే ఉంటే మధ్యలో చూస్తున్నవాళ్లకు అవి కనిపించవు కాబట్టి, ప్రతి నాలుగు వరుసలకోసారి రాయండి. 24 చార్టులు కిందికి జరుపుతూ చూసేటప్పుడు మొదటివి కనుమరుగవుతాయి, పోలిక గుర్తుండదు. ఫోన్‌కు మాత్రం మధ్యగతం బూడిదరంగు గీత ప్రతి చార్టులోనూ ఉండటం తప్పనిసరి, అప్పుడు దేన్నైనా దాని వెనకున్న గీతతోనే పోల్చుకుంటారు.